మూకీ సినిమా మొదటిసారి చూసేవారికి



మూకీ సినిమా అనగానే చాలామందికి గుర్తొచ్చే దృశ్యం ఒకటుంది. మనుషులు అవసరం లేకపోయినా గబగబా నడుస్తుంటారు. తెర నిండా గీతలు. ముఖాలు తెల్లగా, కళ్లూ ముక్కూ తెలీకుండా ఉంటాయి. వెనకాల ఏదో పియానో, సన్నివేశంతో సంబంధం లేకుండా మోగుతుంటుంది. ఇలాంటిది పది నిమిషాలు చూసి, 'పాపం, ఆ రోజుల్లో అంతకన్నా తెలీదు' అనుకుని కట్టేస్తాం. ఆ కట్టేసినవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లకి దొరికిన బొమ్మ అలాంటిది. కానీ 1920ల్లో హాలుకెళ్లి టికెట్టు కొన్న ప్రేక్షకుడు చూసిన బొమ్మ అది కాదు. ఆ గబగబ నడక, ఆ గీతలు, ఆ తెల్లటి ముఖాలు, వీటిలో చాలా భాగం సినిమా తీసినవాళ్లు పెట్టినవి కావు. తర్వాత కాపీ మీద కాపీ తీసి, తప్పుడు వేగంతో తిప్పి, మనం తగిలించినవి. అందుకని ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మూకీ సినిమాకి ముందు సరైన కాపీ చూసుకోవాలి, తర్వాతే సినిమా మంచిదో చెడ్డదో తేల్చాలి. ఆ సరైన కాపీని ఎలా గుర్తుపట్టాలో, మొదట ఏ సినిమాలు చూడాలో, వాటిలో కన్ను ఎక్కడ నిలపాలో చెబుతాను.

ముందు వేగం సంగతి. సినిమా అంటే వరసగా తీసిన ఫొటోలు. మూకీల కాలంలో కెమెరాకి పక్కన ఒక పిడి ఉండేది. కెమెరామన్ దాన్ని చేత్తో తిప్పేవాడు. పిడి ఒకసారి తిరిగితే 8 ఫొటోలు పడేవి. సెకనుకి రెండుసార్లు తిప్పడం అలవాటు. అంటే సెకనుకి 16 ఫొటోలు. తర్వాత తర్వాత ఆ వేగం పెరిగింది. 18, 20, 22 దాకా వెళ్లింది. ఒకే సినిమాలో ఒక సన్నివేశం ఒక వేగంతో, ఇంకోటి ఇంకో వేగంతో ఉండేవి. మనిషి చేతి పని కదా, అది సహజం. ఆ తర్వాత టాకీలొచ్చాయి. ఫిల్ము మీదే శబ్దం ఉంది కాబట్టి వేగం కాస్త అటూ ఇటూ అయినా గొంతు మారిపోతుంది. అందుకని సెకనుకి 24 ఫొటోలని ఒక లెక్క ఖాయం చేశారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. 16 వేగంతో తీసిన పాత సినిమాని కొత్త మిషన్ మీద 24తో తిప్పారు. మూడు సెకన్లలో వేసిన అడుగులు రెండు సెకన్లలో పడిపోతాయి. నింపాదిగా నడిచిన మనిషి పరిగెత్తినట్టు కనిపిస్తాడు. దుఃఖంతో తల తిప్పిన తల్లి మెడ విదిలించినట్టు కనిపిస్తుంది. రేడియో వినేవాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. ఘంటసాలగారి రికార్డు 33 మీద పెట్టాల్సింది 45 మీద పెట్టారనుకోండి. గొంతు కీచుమంటుంది. ఘంటసాలగారికి పాడటం రాదని అప్పుడు ఎవరూ అనరు. లేచి వెళ్లి స్పీడు సరిచేస్తారు. మూకీల విషయంలో మాత్రం మనం స్పీడు సరిచెయ్యకుండా గాయకుడిని నిందిస్తున్నాం.

మరి మీ ముందున్న కాపీ సరైన వేగంతో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? హాస్యం లేని చోట చూడండి. కథానాయకుడిని కాదు, వెనకాల వీధిలో పోయేవాళ్లని చూడండి. గుర్రబ్బండిని చూడండి. పొగ గొట్టం నుంచి పొగ ఎలా లేస్తోందో చూడండి. పనేమీ లేని మనిషి కూడా తరుముకొస్తున్నట్టు నడుస్తుంటే ఆ కాపీ వేగం తప్పు. హాస్యం లేని చోట అని ఎందుకన్నానంటే, కామెడీల్లో తరుముడు సన్నివేశాలని కావాలనే నెమ్మదిగా పిడి తిప్పి తీసేవాళ్లు. తెరమీద వేగంగా రావాలని. ఆ వేగం వాళ్లు కోరుకున్నదే. కాబట్టి తరుముడుని బట్టి తీర్పు చెప్పకండి. మామూలు నడకని బట్టి చెప్పండి. వేగం తప్పని తేలితే ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. ఫోనులోనో కంప్యూటర్లోనో వీడియో చూసేటప్పుడు వేగం మార్చే సెట్టింగు ఉంటుంది కదా. అందులో 0.75 అని పెట్టండి. 24 కాస్తా 18 అవుతుంది. చాలా మూకీలకి అది దగ్గరి లెక్క. పాట సాగిపోతుంది కాబట్టి శబ్దం ఆపెయ్యండి. అప్పుడు వీధిలో మనుషులు మనుషుల్లా నడవడం మొదలెడతారు. ఇప్పటికే సరైన వేగంతో ఉన్న కాపీకి మాత్రం ఇది చెయ్యకండి, అందరూ నీళ్లలో నడుస్తున్నట్టుంటుంది. ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. ఆ రోజుల్లో హాళ్లవాళ్లు కూడా తీసినదానికన్నా కాస్త వేగంగానే ఆడించేవాళ్లు కదా అంటారు. నిజమే. అందుకే ఫలానా సినిమాకి ఫలానా అంకే సరైనదని ఒట్టేసి చెప్పలేం. కానీ కాస్త వేగం వేరు, మనిషి మనిషిలా కనపడకపోవడం వేరు. ఆ తేడా మీ కన్నే చెబుతుంది.

వేగం తర్వాత రంగు. మూకీలన్నీ నలుపు తెలుపు అనుకుంటాం. చాలా సినిమాల ప్రింట్లకి అప్పట్లో రంగు అద్దేవాళ్లు. ఫిల్ము ముక్కని రంగునీళ్లలో ముంచేవాళ్లు. రాత్రికి నీలం, దీపం వెలుతురుకి పసుపు, మంటలకి ఎరుపు, ఇలా. అది అలంకారం కోసం మాత్రమే కాదు. కథ చెప్పడంలో అదొక భాగం. దీనికి మంచి ఉదాహరణ నోస్ఫెరాటు. 1922లో జర్మనీలో ముర్నౌ తీసిన రక్తపిశాచి కథ. ఆ పిశాచి రాత్రిపూట తన శవపేటికని చంకన పెట్టుకుని ఊళ్లోకి వస్తాడు. ఎండ తగిలితే చస్తాడు, కథంతా దానిమీదే ఉంది. కానీ ఆ రోజుల ఫిల్ముకి రాత్రి చీకట్లో బొమ్మ పట్టే శక్తి లేదు. కాబట్టి పట్టపగలు తీసి నీలం రంగు అద్దారు. చూసేవాడికి అది రాత్రి. తర్వాతి కాలంలో రంగు లేని కాపీలు ఊరూరా తిరిగాయి. వాటిలో ఎండ తగిలితే చచ్చే పిశాచి ఎర్రటి ఎండలో, నీడ పడుతుండగా, వీధిలో నడిచి వస్తాడు. చూసినవాళ్లు నవ్వారు. నవ్వరా మరి? రంగులు తిరిగి అద్ది బాగుచేసిన కాపీలో అదే దృశ్యం చూడండి, ఎవరూ నవ్వరు. కాబట్టి కాపీ ఎంచుకునేటప్పుడు పునరుద్ధరించినది, రీస్టోర్ చేసినది అని రాసి ఉందేమో చూడండి. ముఖంలో చెంపల గుంటలు, కనుపాపలు కనిపిస్తున్నాయా చూడండి. ముఖం తెల్లటి మచ్చలా ఉంటే అది కాపీకి కాపీకి కాపీ. దాన్ని వదిలెయ్యండి.

ఇక మూడోది సంగీతం. మూకీ అన్నామే కానీ హాలు ఎప్పుడూ నిశ్శబ్దంగా లేదు. పెద్ద ఊళ్లలో ఆర్కెస్ట్రా, చిన్న ఊళ్లలో పియానో, మన దేశంలో హార్మోనియం, తబలా. తెర ముందు కూర్చుని బొమ్మ చూస్తూ వాయించేవాళ్లు. అది ఆ హాలుతో, ఆ పూటతో అయిపోయేది. ఇప్పుడు మనకి దొరికే కాపీల్లో వినిపించే సంగీతం చాలాసార్లు ఎవరో తర్వాత అతికించింది. బాగుంటే వినండి. అడ్డమొస్తే ఆపెయ్యండి, తప్పేమీ లేదు.

ఇప్పుడు నా సిఫారసు ఎందుకు ఇలా ఉందో మీకు అర్థమవుతుంది. కొత్తవాళ్లకి నేను మూడు సినిమాలు చెబుతాను. మొదటిది వన్ వీక్. రెండోది సిటీ లైట్స్. మూడోది సన్‌రైజ్. మళ్లీ చెబుతున్నాను, వన్ వీక్, సిటీ లైట్స్, సన్‌రైజ్. ఈ మూడింట్లో చివరి రెండూ మూకీల యుగం చివర్లో వచ్చినవి. వాటికి అప్పుడే ఫిల్ము మీద సంగీతం ముద్రించి విడుదల చేశారు. సంగీతం ఫిల్ముతో పాటే ఉంది కాబట్టి వేగం 24 అని ఖాయమైపోయింది. వేగం చిక్కు లేదు, సంగీతం చిక్కు లేదు. మొదటిదాంట్లో ఆ చిక్కులు కొద్దిగా ఉన్నా, సినిమా చాలా చిన్నది.

వన్ వీక్ 1920 నాటిది. రెండు రీళ్ల సినిమా. బస్టర్ కీటన్ నటించి, ఎడ్డీ క్లైన్‌తో కలిసి తీశాడు. కాపీ వేగాన్ని బట్టి 20 నిమిషాల నుంచి 25 నిమిషాల దాకా ఉంటుంది. కథ ఇంతే. కొత్తగా పెళ్లయిన జంటకి మేనమామ ఒక ఇల్లు కానుకిస్తాడు. అయితే అది విడి భాగాలుగా పెట్టెల్లో వస్తుంది. పెట్టెల మీద నంబర్లుంటాయి. ఆ నంబర్ల ప్రకారం బిగిస్తే ఇల్లు తయారవుతుంది. ఈ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుని భంగపడ్డ ఒకడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. కొత్త పెళ్లికొడుకు ఆ తప్పుడు నంబర్లనే నమ్మి శ్రద్ధగా ఇల్లు కడతాడు. ఆ ఇల్లు ఎలా తేలుతుందో మీరే చూడాలి. మేడ మీద తలుపు తీస్తే గది ఉండదు, గాలి ఉంటుంది. ఒక్కో రోజు గడిచినట్టు క్యాలెండర్ కాగితం చిరుగుతుంటుంది. గాలివాన వస్తే ఆ ఇల్లు గిరగిరా తిరుగుతుంది. అది నిజంగా తిరిగిందే. నిలువెత్తు ఇల్లు కట్టి, కింద తిరుగుడు బల్ల అమర్చి తిప్పారు. లోపలున్న చుట్టాలు ఒక్కొక్కరే గుమ్మంలోంచి బయటికి ఎగిరి పడతారు. చివరికి తేలేదేమిటంటే ఇల్లు కట్టిన స్థలమే తప్పు. వాళ్ల స్థలం రైలు పట్టాలకి అవతల ఉంది. సరే, ఇంటిని పీపాల మీద పెట్టి కారుతో లాక్కెళతారు. సరిగ్గా పట్టాల మీదికొచ్చేసరికి ఇల్లు కదలదు.

ఇప్పుడు ఆ ఒక్క సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. ఎందుకంటే మూకీ చూడటం నేర్పే పాఠం అందులో ఉంది. ఇల్లు పట్టాల మీద ఉంది. దూరం నుంచి రైలు వస్తోంది. మొగుడూ పెళ్లాం నెట్టి నెట్టి అలిసిపోతారు. లాభం లేదని పక్కకి తప్పుకుని కళ్లు మూసుకుంటారు. మనమూ ఊపిరి బిగపడతాం. రైలు ఇంటి పక్కగా, రెండో పట్టా మీదుగా సాగిపోతుంది. ఇంటికి ఏమీ కాదు. హమ్మయ్య అనుకుంటారు. అంతలో ఎదురు దిక్కు నుంచి, అసలు పట్టా మీద, ఇంకో రైలొచ్చి ఇంటిని పిండి చేసి పోతుంది. ఇది ఎలా పనిచేసింది? కెమెరా పెట్టిన కోణం వల్ల అక్కడ రెండు పట్టాలున్నాయని మనం గమనించం. అవి దాచలేదు. కెమెరా దూరంగా కదలకుండా నిలబడింది. ఇల్లు, మనుషులు, పట్టాలు అన్నీ ఒకే చట్రంలో ఉన్నాయి. మధ్యలో కత్తిరింపు లేదు కాబట్టి మోసం లేదని మనకి తెలుస్తుంది. మొదటి రైలు దగ్గర మనం చట్రంలో ఒక మూల చూశాం, ఇంకో మూల చూడలేదు. కీటన్ ఆ నిర్లక్ష్యాన్ని లెక్కలో వేసుకున్నాడు. టాకీల్లో ఎక్కడ చూడాలో మాట చెబుతుంది. ఎవరు మాట్లాడితే వాళ్లని చూస్తాం. మూకీలో ఆ సాయం లేదు. చట్రం మొత్తం చూడాలి. అంచులు చూడాలి, వెనకాల ఏముందో చూడాలి. వన్ వీక్ 20 నిమిషాల్లో మీ కన్నుకి ఆ అలవాటు చేస్తుంది. అందుకే అది మొదట.

రెండోది సిటీ లైట్స్. చార్లీ చాప్లిన్ తీసింది. 1931 జనవరిలో విడుదలైంది. అప్పటికి అమెరికాలో టాకీలొచ్చి మూడేళ్లు దాటింది. అదే ఏడాది మార్చిలో మన దేశంలో తొలి టాకీ ఆలం ఆరా వచ్చింది. ప్రపంచమంతా మాట్లాడుతున్నప్పుడు చాప్లిన్ మాటలు వద్దన్నాడు. సంగీతం మాత్రం తానే కూర్చాడు. గంటన్నర సినిమా. ఒక దేశదిమ్మరి, పూలమ్ముకునే ఒక గుడ్డి అమ్మాయి. ఆ అమ్మాయి ఇతన్ని ధనవంతుడనుకోవాలి. ఇదీ కథకి మూలం. ఇక్కడ చాప్లిన్‌కి ఒక చిక్కు వచ్చింది. చిరుగుల కోటు వేసుకున్నవాణ్ణి కళ్లు లేని అమ్మాయి ధనవంతుడని ఎలా అనుకుంటుంది? మాటలుంటే ఒక డైలాగుతో అయిపోతుంది. మాటల్లేవు. చాప్లిన్ ఈ ఒక్క సన్నివేశం కోసం నెలల తరబడి తంటాలు పడ్డాడు. 342 సార్లు తీశాడని గిన్నిస్ బుక్కులోకి కూడా ఎక్కింది. చివరికి దొరికిన దారి ఇది. రోడ్డు మీద బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ఎదురుగా పోలీసు. పోలీసుకి దొరక్కుండా దేశదిమ్మరి ఆగి ఉన్న ఒక ఖరీదైన కారులోకి ఒక తలుపు నుంచి ఎక్కి, రెండో తలుపు నుంచి దిగుతాడు. తలుపు మూస్తాడు. పేవ్‌మెంటు మీద కూర్చున్న అమ్మాయి ఆ చప్పుడు విని, దొరగారు కారు దిగారనుకుని పువ్వు చాపుతుంది. అతను ఉన్న నాణెం ఇస్తాడు. చిల్లర ఇవ్వాలి. ఇంతలో కారు అసలు యజమాని వచ్చి ఎక్కుతాడు. తలుపు పడుతుంది, కారు కదిలిపోతుంది. చిల్లర తీసుకోకుండానే దొరగారు వెళ్లిపోయారని ఆ అమ్మాయి అనుకుంటుంది. దేశదిమ్మరి ఆమె ముందే నిలబడి ఉన్నాడు. కదిలితే ఆమె భ్రమ పోతుంది. చప్పుడు చెయ్యకుండా మునివేళ్ల మీద పక్కకి తప్పుకుంటాడు.

ఇందులో ఏం జరిగిందో గమనించండి. మాటల్లేని సినిమాలో కథని మలుపు తిప్పింది ఒక చప్పుడు. కారు తలుపు చప్పుడు. అది మనకి వినపడదు. తలుపు మూసుకోవడం చూస్తాం, అమ్మాయి తల తిరగడం చూస్తాం. ఆ రెండూ కలిసి మన బుర్రలో చప్పుడు పుడుతుంది. మూకీల్లో శబ్దం లేదనడం సరికాదని నేను అంటున్నది ఇందుకే. దాన్ని ప్రేక్షకుడే తయారుచేసుకుంటాడు. తయారుచేసుకోవాలంటే కన్ను తెరమీద ఉండాలి. టీవీలో సీరియల్ వస్తుంటే మనం కూరగాయలు తరుగుతాం, బట్టలు మడతపెడతాం. చెవి కథని పట్టుకుంటుంది కాబట్టి ఏమీ తప్పిపోదు. మూకీని అలా చూడలేరు. ఆ అమ్మాయి తల తిరిగిన ఆ అర సెకను మీరు ఫోను చూశారంటే, తర్వాతి గంట కథ మీకు అర్థం కాదు. అప్పుడు సినిమా బోరు కొట్టింది అంటారు. మూకీలు బోరు కొట్టాయని చెప్పేవాళ్లలో చాలామంది చెవితో చూసినవాళ్లు. కాబట్టి గదిలో లైటు తీసెయ్యండి. ఫోను పక్కగదిలో పెట్టండి. ఉన్నవాటిలో పెద్ద తెర మీద చూడండి. మధ్యలో ఆపకుండా ఒకే విడతలో చూడండి. సిటీ లైట్స్ ముగింపు గురించి నేనొక్క మాట కూడా చెప్పను, అది మీరు తెలీకుండా చూడాల్సింది.

మూడోది సన్‌రైజ్. 1927. నోస్ఫెరాటు తీసిన ముర్నౌయే అమెరికా వెళ్లి తీశాడు. గంటన్నర పైచిలుకు. ఒక పల్లెటూరి రైతు, అతని భార్య, పట్నం నుంచి వచ్చిన ఒక ఆడమనిషి. కథ అంత చిన్నది, కొత్తదీ కాదు. ఇక్కడ చూడాల్సింది కెమెరా నడక. వెన్నెల రాత్రి రైతు చిత్తడి నేలలో, రెల్లు దుబ్బుల మధ్య నడిచి వెళుతుంటే కెమెరా అతని వెంట వంపులు తిరుగుతూ వెళుతుంది. దాన్ని పైనుంచి పట్టా కట్టి వేలాడదీశారు. ఒకచోట పట్నం ఆమె రైతుకి చెడ్డ సలహా చెబుతుంది, భార్యని నీళ్లలో ముంచెయ్యమని. ఆ మాట తెరమీద అక్షరాలుగా పడుతుంది. చూస్తుండగానే ఆ అక్షరాలు కరిగి కిందికి జారి మునిగిపోతాయి. అక్షరాల కార్డు కూడా నటిస్తుంది ఆ సినిమాలో. ఇంగ్లీషు చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే ఆ కార్డుల్ని ఎవరో ఒకరు పైకి చదివి తెలుగులో చెప్పండి. అది సినిమాకి అపచారం కాదు. మన దేశంలో మూకీలు ఆడిన హాళ్లలో కార్డులు గట్టిగా చదివి వినిపించడం మామూలే. పైగా సన్‌రైజ్‌లో కార్డులు చాలా తక్కువ, సగం సినిమా అయ్యాక దాదాపు ఉండవు.

ఇప్పుడు రెండు మూడు అభ్యంతరాలు. మొదటిది, నటన అతిగా ఉంటుంది కదా అని. కొన్ని సినిమాల్లో ఉంటుంది, ఒప్పుకోవాలి. 1910ల తొలినాళ్లలో కెమెరా దూరంగా ఉండేది, రంగస్థలం నుంచి వచ్చినవాళ్లు రంగస్థలం మీద చేసినట్టే చేశారు. కెమెరా దగ్గరికొచ్చాక చెయ్యి ఊపడం తగ్గింది, కన్ను కదపడం పెరిగింది. సన్‌రైజ్‌లో భార్యగా వేసిన జానెట్ గేనర్‌ని పట్నంలో ఫలహారశాలలో కూర్చున్నప్పుడు చూడండి. భర్త రొట్టెల పళ్లెం ముందుకి జరుపుతాడు. ఆమె ఒక ముక్క తీసుకుంటుంది, తినలేదు, ఏడుస్తుంది. అంతే. తొలి ఆస్కార్ బహుమతుల్లో ఉత్తమ నటి ఆమే. రెండో అభ్యంతరం, మీరు చెప్పిన మూడింటికన్నా పుస్తకాల్లో గొప్పవని రాసినవి వేరే ఉన్నాయి కదా అని. ఉన్నాయి. బర్త్ ఆఫ్ ఎ నేషన్ పేరు ప్రతి సినిమా చరిత్ర పుస్తకంలోనూ ఉంటుంది. మూడు గంటల సినిమా. నల్లజాతివాళ్లని హీనంగా చూపించి, వాళ్లని వేటాడిన ముఠాని వీరులుగా నిలబెట్టింది. దాన్ని చరిత్రగా చదవాలి, తొలి పరిచయంగా చూడక్కర్లేదు. మెట్రోపోలిస్ అద్భుతమే, కానీ రెండున్నర గంటలు. పదో సినిమాగా చూస్తే దాని విలువ తెలుస్తుంది, మొదటి సినిమాగా చూస్తే నిద్ర వస్తుంది. మూడో అభ్యంతరం, మాటల్లేకుండా మనవాళ్లు చూస్తారా అని. సింగీతం శ్రీనివాసరావుగారి పుష్పక విమానం 1987లో వచ్చింది. చప్పుళ్లున్నాయి, సంగీతం ఉంది, ఒక్క డైలాగు లేదు. తెలుగువాళ్లు కమల్ హాసన్‌ని చూసి నవ్వారు, కంటతడి పెట్టారు. ఆ సినిమా నచ్చినవాళ్లకి సిటీ లైట్స్ కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు.

మరి మన మూకీలు ఏమయ్యాయి? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. మన దేశంలో 1300 పైచిలుకు మూకీలు తీశారు. మిగిలినవి చాలా కొద్ది. ఫాల్కే 1919లో తీసిన కాళియ మర్దన్ చాలా భాగం ఉంది. ఆయన కూతురు మందాకిని బాలకృష్ణుడుగా వేసింది. సినిమా మొదట్లో ఆ పిల్ల ముఖం ఒక్కటే తెరమీద నిలబడి రకరకాల భావాలు చూపిస్తుంది, తర్వాత కృష్ణుడిగా మారుతుంది. కథ మనకి తెలిసిందే కాబట్టి కార్డులు చదవకపోయినా ఇబ్బంది లేదు. నేను చెప్పిన మూడూ అయ్యాక నాలుగోదిగా దాన్ని చూడండి. దక్షిణాదిన 1933 నాటి మార్తాండవర్మ మిగిలింది. అది మిగలడానికి కారణం ఒక కోర్టు గొడవ. మూలకథ నవల. నవల హక్కులు ప్రచురణకర్తవి. ఆయన దావా వేశాడు, ప్రింటు ఆయన చేతికి వచ్చింది, ప్రదర్శన ఆగిపోయింది. ఆడలేదు కాబట్టి అరిగిపోలేదు. తెలుగువాళ్ల సంగతి చూస్తే, మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి గెయిటీ హాలు కట్టిన రఘుపతి వెంకయ్యగారు, విదేశాల్లో సినిమా పని నేర్చుకొచ్చిన ఆయన కొడుకు ప్రకాశ్ ఉన్నారు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు. వెంకయ్యగారి పేరున ప్రభుత్వం ఏటేటా బహుమతి ఇచ్చింది, కానీ ఆ సినిమా మాత్రం ఇవాళ చూడటానికి లేదు. సరైన కాపీ, సరైన కాపీ అని ఇంతసేపు చెప్పాను. ఇక్కడ అసలు కాపీయే లేదు.

ఆ కాలపు ఫిల్ము నైట్రేట్‌తో చేసింది. తొందరగా మండుతుంది. మండకపోయినా పాతబడేకొద్దీ జిగట కట్టి, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. కాబట్టి శ్రోతలకి ఒక్క విన్నపం. మీ తాతలో ముత్తాతలో టూరింగ్ టాకీసు నడిపినవాళ్లయితే, అటక మీదో పాత హాలు గదిలోనో తుప్పుపట్టిన గుండ్రటి రేకు డబ్బాలుంటే, వాటిని తూకానికి వెయ్యకండి. మిషన్ మీద పెట్టి తిప్పి చూడకండి. దీపానికి, పొయ్యికి దగ్గర ఉంచకండి. చల్లటి చోట అలాగే ఉంచి, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి కబురు చెయ్యండి.